నాన్న ప్రొఫైల్

మిషిగన్‌లో కార్లకు ప్లాస్టిక్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో నాన్న 16 ఏళ్లు పనిచేశాడు. యాభైలో పడ్డ ఏడాదే లేఆఫ్ కాగితం చేతిలో పెట్టారు. ఇన్సూరెన్స్ ఆ నెలాఖరు దాకానే అని తెలిసి అమ్మ తన మందులన్నీ ముందే తెప్పించుకుంది.

కాలేజీ నుంచి వచ్చిన చిన్ని ఆయన లింక్డ్‌ఇన్ తెరిచి చూసింది. "మోల్డింగ్ మెషిన్ బాధ్యతలు. కష్టపడే స్వభావం." అంతే.

"నాన్నా, నువ్వు అక్కడ ఏం చేసేవాడివి?"

"మెషిన్ చూసుకునేవాణ్ణి."

"రాత్రి పూట లైను ఆగితే ఎవరికి ఫోన్ చేసేవాళ్లు?"

"నాకే."

"ఎందుకు?"

అప్పుడు చెప్పాడు. ఒక వేసవిలో నైలాన్ భాగాల మీద వెండి చారలు వచ్చాయట. అందరూ బ్యారెల్ వేడి పెంచుతున్నారు, చారలు ఇంకా ఎక్కువవుతున్నాయి. నైలాన్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, మన మరమరాలు మెత్తబడ్డట్టే. నాన్న మెషిన్ వదిలేసి డ్రయ్యర్ దగ్గరికి వెళ్లాడు. లోపలి గాలి డ్యూ పాయింట్ మైనస్ 40 ఉండాల్సింది మైనస్ 5 దగ్గరుంది. తేమ లాగే గుళికలు పాడైపోయాయి. అవి మార్పించి, నైలాన్‌ను 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆరబెట్టించాడు. నూటికి ఎనిమిది పాడయ్యేవి రెండుకు దిగాయి.

"మైనస్ 40 అంటే సెల్సియస్సా, ఫారన్‌హీటా?"

"అక్కడ రెండూ ఒకటే లేమ్మా."

ఎన్నాళ్లకో నవ్వాడు.

చిన్ని గబగబా టైపు చేసింది: "స్క్రాప్ 75 శాతం తగ్గించాను."

"తీసెయ్. అది ఒక్క మెషిన్ మీద, ఒక్క పార్టుకే. ఇంటర్వ్యూలో ఫ్యాక్టరీ మొత్తమా అని అడిగితే ఏం చెప్పను? పైగా గుళికలు మార్చింది మెయింటెనెన్స్ వాళ్లు."

"కారణం కనిపెట్టింది ఎవరు?"

నాన్న మాట్లాడలేదు. మన ఇళ్లలో మగవాళ్లు జీతం గురించి చెప్పినంత తేలిగ్గా పనితనం గురించి చెప్పుకోలేరు.

చివరికి ఇలా కుదిరింది: "ఒక మెషిన్‌పై చారలకు కారణం డ్రయ్యర్ అని గుర్తించాను. మెయింటెనెన్స్ బృందంతో కలిసి సరిచేయించి, స్క్రాప్ 8 నుంచి 2 శాతానికి తెచ్చాను." ఏ కార్ల కంపెనీ పార్టో మాత్రం రాయనివ్వలేదు. పేరు కింది లైనులో "ఉద్యోగం కోసం చూస్తున్నాను" తీసేసి "ఇంజెక్షన్ మోల్డింగ్ ప్రాసెస్ టెక్నీషియన్, నైలాన్, డ్రయ్యర్లు" అని పెట్టింది. రిక్రూటర్లు వెతికేది ఆ మాటలతోనే కదా.

ఫొటో చుట్టూ పచ్చ రింగు వద్దన్నాడు. గుళ్లో అందరూ అడుగుతారట. రిక్రూటర్లకే కనిపించే సెట్టింగు పెట్టింది.

సేవ్ నొక్కాక నాన్న ఫోన్ తీశాడు. తనతో పాటే ఉద్యోగం పోయిన మెయింటెనెన్స్ ఆయనకు.

"రేపు లాప్‌టాప్ పట్టుకుని రా. ఆ గుళికలు మార్చింది నువ్వేగా, అది నీ దాంట్లోనూ రాయాలి."