తోట బేరం కుదరనప్పుడు: కాపును బట్టి డబ్బు ఇచ్చే ఒప్పందం ఎలా రాసుకోవాలి

నర్సీపట్నం చుట్టుపక్కల మామిడి తోట ఉన్న కుటుంబాలకు జనవరి, ఫిబ్రవరి నెలలు బేరాల కాలం. చెట్టు మీద పూత కనబడగానే వ్యాపారులు వస్తారు. తోటంతా ఒకసారి తిరిగి, ఈ సీజన్ కాయకు ఇంత ఇస్తామని ఒక మొత్తం చెబుతారు. తోట వాళ్లు అడిగేది ఒకటి, వ్యాపారి చెప్పేది ఇంకొకటి. చాలాసార్లు ఇందులో ఎవరి దురాశా ఉండదు. రాబోయే కాపు గురించి ఇద్దరి అంచనాలు వేరు, అంతే.

మామిడి ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తగ్గుతుంది. బంగినపల్లిలో ఇది బాగా కనబడుతుంది. పూత నిండుగా ఉన్నా తేనెమంచు పురుగు పడితే, పొద్దున్నే మంచు ఎక్కువైతే పిందె నిలవదు. ఇంటివాళ్లు నిండు పూత చూసి ఎక్కువ కాపు లెక్క వేసుకుంటారు. వ్యాపారి పది తోటలు చూసినవాడు కాబట్టి రాలిపోయేదాన్ని ముందే తీసేసి లెక్క కడతాడు. ఇద్దరి లెక్కకూ కారణం ఉంది. ఎవరిది నిజమో మే నెలాఖరు దాకా తెలియదు.

ఇలాంటప్పుడు మన వాళ్లు సాధారణంగా మధ్య మొత్తానికి దిగుతారు. పెద్దలు కూర్చుని "నువ్వు కాస్త దిగు, నువ్వు కాస్త ఎక్కు" అంటారు. దానికన్నా మంచి దారి ఒకటి ఉంది. అంచనాల తేడాను చెరిపేయకుండా ఒప్పందంలోకే తీసుకురావడం. కాపు ఇంత వస్తే ఇంత, అంతకు మించితే మరికొంత అని రాసుకోవడం.

ఒక లెక్క వేసి చూద్దాం. భర్త పోయిన ఒక ఇల్లాలికి ఆరెకరాల తోట ఉందనుకుందాం. ఆ డబ్బుతోనే జూన్‌లో కూతురి కాలేజీ ఫీజు కట్టాలి. ఆమె లెక్కలో ఈసారి 24 టన్నుల కాయ దిగుతుంది. వ్యాపారి లెక్కలో 14 టన్నులే. కోత కూలి, కాపలా, మందులు, లారీ కిరాయి, తన లాభం అన్నీ పోను టన్నుకు 10,000 రూపాయలు తోటకు ఇవ్వగలనని వ్యాపారి అంటున్నాడు. ఆ రేటు మీద ఇద్దరికీ పేచీ లేదు. అంటే ఆమె అడిగేది 2,40,000. అతను ఇస్తానన్నది 1,40,000.

"ఖాలా, మీ మాట మీద నాకు గౌరవం ఉంది గానీ, ఈ తోటలో అంత కాయ నిలవదు" అంటాడు అతను. "నిరుడు కన్నా పూత ఎక్కువే ఉంది బేటా, కళ్లతో చూస్తున్నావు కదా" అంటుంది ఆమె.

సగానికి దిగితే 1,90,000. ఆమె నమ్మకం ప్రకారం 50,000 వదులుకున్నట్టు. అతని నమ్మకం ప్రకారం 50,000 చేతి నుంచి పెట్టినట్టు. అతను పక్క తోటకు వెళ్లిపోయే అవకాశమే ఎక్కువ.

ఇప్పుడు ఇలా రాసుకుంటే? స్థిరంగా 1,30,000. కాపు 14 టన్నులు దాటితే, దాటిన ప్రతి టన్నుకు 10,000. వ్యాపారి చూపులో ఇది మంచి బేరం. తన లెక్క నిజమైతే 1,40,000 బదులు 1,30,000 తోనే సరిపోతుంది. ఆమె చూపులోనూ మంచిదే. తన లెక్క నిజమైతే 10 టన్నులు అదనం, అంటే లక్ష రూపాయలు కలిసి మొత్తం 2,30,000 వస్తుంది. 1,90,000 కన్నా అది ఎంతో మేలు. ఒకే కాగితం, ఇద్దరూ తమకే లాభం అనుకుంటున్నారు. అంచనాలు వేరుగా ఉండటం వల్లనే ఇది కుదిరింది. ఇద్దరిదీ ఒకే లెక్క అయితే షరతు అవసరమే లేదు.

నిజంగా 19 టన్నులు వచ్చిందనుకోండి. ఆమెకు 1,80,000 అందుతుంది. 12 టన్నులే వస్తే ఆమె 1,30,000 ఆమెకు ఉంటుంది, వ్యాపారికి 10,000 తగ్గుతుంది. సరిగ్గా 14 దగ్గర ఆగితే, మొదట అతను ఇస్తానన్న దానికన్నా ఆమెకు 10,000 తక్కువ. తన అంచనాకు ఆమె పెట్టిన ధర అది. ఆ పదివేలు కూడా వదులుకోనంటే, 24 టన్నుల మాట మీద ఆమెకే అంత నమ్మకం లేదన్నమాట. ఇలాంటి షరతు ముందు పెట్టినప్పుడు అవతలి మనిషి నిజంగా నమ్ముతున్నాడా, బేరం కోసం అంటున్నాడా అన్నది చాలావరకు బయటపడుతుంది.

ఫీజు సంగతి మరవకూడదు. స్థిర మొత్తం ఎంత ఉండాలో ఆశను బట్టి తేల్చకూడదు, తప్పనిసరి ఖర్చును బట్టి తేల్చుకోవాలి. ఆ ఇంటికి జూన్ నాటికి 1,50,000 తప్పనిసరిగా కావాలంటే, పైన రాసిన కాగితం ఆమెకు పనికిరాదు, ఎంత తెలివైన లెక్క అయినా సరే.

ఈ పద్ధతి మన జిల్లా రైతులకు కొత్తేమీ కాదు. గోవాడ, ఏటికొప్పాక చక్కెర ఫ్యాక్టరీలకు చెరకు తోలిన ఇళ్లలో రికవరీ అనే మాట అందరికీ తెలుసు. కేంద్రం ప్రకటించే చెరకు మద్దతు ధర షరతుతో కూడినదే. 2025-26 సీజన్‌కు క్వింటాలుకు 355 రూపాయలు, అదీ రికవరీ 10.25 శాతం ఉంటే. అంటే వంద కిలోల చెరకు నుంచి పదింబావు కిలోల చక్కెర రావాలి. పైన ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు కలుస్తుంది, కింద అంతే తగ్గుతుంది. రికవరీ 9.5 శాతానికి గానీ, అంతకన్నా కిందికి గానీ పడిపోతే మాత్రం 329.05 దగ్గర ధర ఆగుతుంది. ఆ అడుగు ధర, మన తోట లెక్కలోని 1,30,000 లాంటిదే.

చెరకు ధరలో ఉన్న ఇబ్బందులు కూడా తోట కాగితం రాసేవాళ్లు గమనించాలి. రికవరీ కొలిచేది ఫ్యాక్టరీ ప్రయోగశాల. రైతు చూడలేడు. పైగా అది ఫ్యాక్టరీ మొత్తానికి సగటు. బాగా పండించిన రైతుకూ, నీళ్ల చెరకు తెచ్చిన రైతుకూ ఒకటే లెక్క పడుతుంది. షరతు ఉన్నంత మాత్రాన న్యాయం జరగదు. కొలత ఎవరి చేతిలో ఉంది, ఏది కొలుస్తున్నారు అన్నదాని మీదే అంతా ఉంటుంది.

అందుకే తోట ఒప్పందంలో లాభంలో వాటా అని రాయకండి. లాభం వ్యాపారి నోట్‌బుక్‌లో ఉంటుంది. లారీ కిరాయి పెరిగిందంటాడు, మార్కెట్‌లో కమీషన్ పోయిందంటాడు, బావమరిది మండీకి తక్కువ రేటుకు వేసి ఉండవచ్చు. మీరు రుజువు చేయలేరు. బరువు అయితే ఇద్దరికీ కనబడుతుంది. ప్రతి లోడూ ఫలానా వేబ్రిడ్జిలోనే తూకం వేయాలి, ఖాళీ బండి బరువు తీసేసిన చీటీ ఫొటో అదే రోజు తోట యజమానికి వాట్సాప్‌లో రావాలి అని కాగితంలో ఉండాలి. చీటీ లేని లోడుకు ఎంత లెక్క కడతారో కూడా ముందే రాయండి. అది రాయకపోతే రాత్రిపూట వెళ్లిన బండికి లెక్క ఉండదు.

ఊరగాయకు ముందే కోసిన పచ్చి కాయ, గాలికి రాలిన కాయ లెక్కలోకి వస్తాయా? ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి. రాలిన కాయకు ధర తక్కువ కాబట్టి దాన్ని విడిగా తూచి, సగం రేటు అనో, అసలు లెక్కలోకి రాదనో తేల్చుకోవాలి. ఏది రాసినా పర్వాలేదు. రాయకపోవడమే ప్రమాదం.

అదనపు టన్నుకు రేటు మరీ ఎక్కువ పెట్టడం మరో పొరపాటు. మన లెక్కలో వ్యాపారి కూలి, లాభం పోను మిగిలింది 10,000. ఆశపడి 15,000 రాయిస్తే, 14 దాటిన ప్రతి టన్ను మీద అతనికి నష్టం. పై కొమ్మల కాయ కోయకుండా వదిలేస్తాడు. రెండో మందు కొట్టడు. కాగితం మీద మీ వాటా పెరుగుతుంది, చెట్టు మీద కాయ తగ్గుతుంది. అలాగే నీళ్లు పెట్టే బాధ్యత మీదైతే ఎన్ని తడులో రాయాలి, మందు అతనిదైతే ఎన్నిసార్లో రాయాలి. లేదంటే కాపు తగ్గినప్పుడు నీ వల్లే అంటే నీ వల్లే అనుకుంటారు.

చట్టం మాటేమిటి? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 31వ సెక్షన్ నుంచి షరతు ఒప్పందాల గురించే ఉంది. అవి చెల్లుతాయి. దానికి ముందున్న 30వ సెక్షన్ పందెం చెల్లదంటుంది. తేడా ఏమిటంటే, పందెంలో గెలుపోటముల డబ్బు తప్ప ఇద్దరికీ ఆ సంఘటనతో వేరే సంబంధం ఉండదు. ఇక్కడ తోట ఉంది, కాయ ఉంది, ఒకరి పెట్టుబడి, ఇంకొకరి ఆస్తి ఉన్నాయి. గడువు తేదీ మాత్రం తప్పనిసరిగా పెట్టండి. జూన్ 30 దాకా తూచిన కాయే లెక్క అంటే ఆ తర్వాత వాదన ఉండదు.

మన పాఠకులకు ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. కాయ పక్వానికి వచ్చే సూచన కనబడక ముందే పండ్లు అమ్మడాన్ని హదీసు వారించింది. పూత మీదే తోట మొత్తం అమ్మేయడం ఆ మాట కిందికి వస్తుందా అని అడిగేవాళ్లు ఉన్నారు. చెట్లను సాకే మనిషికి పంటలో పాలు ఇచ్చే ముసాఖాత్ పద్ధతి ఫిఖ్‌లో పాతదే. ఖైబర్ ఖర్జూర తోటలను సగం పంటకు ఇచ్చిన సంగతి తెలిసిందే. కానీ ముసాఖాత్‌లో వాటా సగమనో మూడో వంతనో పాలుగానే ఉండాలి. స్థిర మొత్తం, ఆపైన అదనం అనే పై లెక్క దానికి సరిపోదు. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలో సంతకానికి ముందే తెలిసిన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవడం మంచిది, బేరం మొదలయ్యాక అడిగితే ఇబ్బంది.

తోటే కాదు, దుకాణం అప్పగించేటప్పుడు కూడా ఇదే లెక్క పనికొస్తుంది. అమ్మేవాడు బేరాలు పెరుగుతాయంటాడు, కొనేవాడు తగ్గుతాయంటాడు. అప్పుడు కొంత ఇప్పుడు, మిగతాది ఏడాది అమ్మకాలను బట్టి ఇస్తానని రాసుకోవచ్చు. అక్కడ కూడా లాభాన్ని వదిలేసి అమ్మకాలనే లెక్కకు తీసుకోండి, జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అంకెనే తీసుకోండి.

డబ్బు చేతికి వచ్చే తేదీల విషయానికి వస్తే, స్థిర మొత్తంలో సగం సంతకం రోజున, మిగతా సగం మొదటి కోతకు ముందు తీసుకోవాలి. 14 టన్నులు దాటిన తర్వాత అదనపు డబ్బును సీజన్ చివరి దాకా ఆపనివ్వకండి. ప్రతి లోడు చీటీతో పాటే, తర్వాతి లోడు తోట గేటు దాటక ముందే ఆ లోడు డబ్బు ఖాతాలో పడాలని రాయించండి. చివరి లారీ వెళ్లిపోయాక వసూలు చేయడం ఎవరికైనా కష్టమే.