లేహ్‌లో నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి?

లడఖ్‌లోని లేహ్ సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ గిన్నెలో నీళ్లు తెర్లుతున్నా పప్పు ఓ పట్టాన ఉడకదు. నీటి ఆవిరి పీడనం బయటి గాలి పీడనానికి సమానమైనప్పుడే నీళ్లు మరుగుతాయి. లేహ్‌లో గాలి పీడనం సుమారు 490 మిల్లీమీటర్లే. సముద్రమట్టం దగ్గరైతే 760. మరి అక్కడి మరుగు ఎంత? కొండెక్కకుండానే లెక్కగట్టవచ్చు.

ఇందుకు పనికొచ్చేది క్లాసియస్–క్లాపేరాన్ సూత్రం:

ln(P2/P1) = (ΔH/R) × (1/T1 − 1/T2)

P ఆవిరి పీడనం, T ఉష్ణోగ్రత, R విలువ 8.314. ΔH అంటే ఒక మోల్ నీటిని, అంటే 18 గ్రాములను, ఆవిరి చేయడానికి పట్టే వేడి. దాన్ని బాష్పీభవన ఎంథాల్పీ అంటారు. రెండు ఉష్ణోగ్రతల దగ్గర పీడనం తెలిస్తే చాలు, పొయ్యి వెలిగించకుండానే ఆ వేడి ఎంతో తేలుతుంది.

నీటి ఆవిరి పీడనం 80 డిగ్రీల దగ్గర 355 మిల్లీమీటర్లు, 100 దగ్గర 760. ఈ పీడనాల నిష్పత్తి 2.14, దాని లాగరిథమ్ 0.761. ఉష్ణోగ్రతలకు 273.15 కలిపి కెల్విన్‌లోకి మార్చి తలకిందులు చేస్తే, వాటి తేడా 0.0001518. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 8.314తో గుణిస్తే మోల్‌కు సుమారు 41.7 కిలోజౌళ్లు. 100 డిగ్రీల దగ్గర కొలిచిన విలువ 40.7. ఆవిరిని ఆదర్శ వాయువుగా భావించడం ఈ కాస్త తేడాకు ఒక కారణం.

ఎక్కువమంది తడబడేది కెల్విన్ దగ్గరే. సెల్సియస్‌లోనే లెక్క చేస్తే జవాబు 2.5 కిలోజౌళ్లని వస్తుంది. అది తప్పని పట్టుకోవడం తేలిక: గ్రాముకు 140 జౌళ్లన్నమాట. గ్రాము నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు కాచడానికే 290 జౌళ్లు దాటుతాయి. గిన్నెడు నీళ్లు మరగడానికి పట్టే సమయం కంటే అవి పూర్తిగా ఇగిరిపోవడానికి ఎంతో ఎక్కువ పడుతుందని వంట చేసేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు లేహ్ లెక్క. 760ని 490తో భాగించి లాగరిథమ్ తీస్తే 0.439. దాన్ని ΔH/R తో, అంటే 5,014తో, భాగిస్తే 0.0000876. దీన్ని 373.15 విలోమానికి కలిపి మళ్లీ తలకిందులు చేస్తే 361.3 కెల్విన్, అంటే దాదాపు 88 డిగ్రీలు. మంట ఎంత పెంచినా మూతలేని గిన్నెలో నీళ్లు అంతకు మించి వేడెక్కవు. అందుకే అక్కడ కుక్కర్ కావాలి. అది లోపలి పీడనాన్ని పెంచి మరుగును పైకి లేపుతుంది.

ఈ లెక్క ΔH మారదని అనుకుని చేసినది. నిజానికి అది 25 డిగ్రీల దగ్గర 44 కిలోజౌళ్లు ఉంటుంది. మన 41.7తోనే అంత కిందికి దిగి 25 డిగ్రీల ఆవిరి పీడనం కడితే 25.9 మిల్లీమీటర్లు వస్తుంది. అసలు విలువ 23.8. లేహ్ జవాబు సరిగ్గా కుదరడానికి కారణం 88 డిగ్రీలు మనం తీసుకున్న 80, 100ల మధ్యే ఉండటం.