పాదం జారకుండా ఒక కవర్ లెటర్

‘ఈగ’ సినిమా 2012లో వచ్చింది. అందులో ఈగ ఏ షాట్‌లో ఎటు తిరుగుతుందో, ఏ ఫ్రేములో ఆగుతుందో దాన్ని కదిలించిన యానిమేటర్లకు ముందే తెలుసు. కెమెరా ఎక్కడుందో కూడా తెలుసు కాబట్టి, కెమెరాకు కనబడని వైపు ఎలా ఉన్నా అడిగేవాళ్లుండరు. అదే ఈగను వీడియో గేమ్‌లో పెడితే ఇవేవీ యానిమేటర్ చేతిలో ఉండవు. ఎటు ఎగరాలో, ఎప్పుడు ఆగాలో ఆడేవాళ్ల బొటనవేలు చెబుతుంది. చాలా గేముల్లో కెమెరాను తిప్పేదీ వాళ్లే.

సినిమా యానిమేటర్ గేమ్ స్టూడియోలో టెక్నికల్ యానిమేటర్ ఉద్యోగానికి రాసే కవర్ లెటర్‌ను లీడ్ చదివేటప్పుడు మొదట వెతికేది, ఈ తేడా రాసినవాళ్లకు తెలుసా లేదా అన్నదే. ఎన్ని పెద్ద సినిమాలకు పనిచేశారన్నది ఆ తర్వాతి మాట.

టెక్నికల్ యానిమేటర్ అంటే యానిమేటర్లకూ ప్రోగ్రామర్లకూ మధ్య కూర్చునే మనిషి. పాత్రకు ఎముకల గూడు, దాన్ని ఆడించే రిగ్ తయారుచేస్తారు. మాయాలో చేసిన నడకను అన్‌రియల్ లాంటి ఇంజిన్‌లోకి చెడకుండా చేరుస్తారు. నడక నుంచి పరుగుకు, పరుగు నుంచి నిలకడకు ఎప్పుడు మారాలో ఇంజిన్‌లో అమరుస్తారు. తోటి యానిమేటర్లు రోజూ విసుగ్గా చేసే పనులకు పైథాన్‌లో చిన్న చిన్న టూల్స్ రాసిస్తారు. అందంగా కదిలించడం వస్తే మంచిదే, కానీ జీతం ఇచ్చేది దానికి కాదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా సినిమాలకు యానిమేషన్ చేస్తున్న ఒకామె ఇలాంటి ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది. ఉత్తరం ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది, ఇక్కడ దాని సారం చూద్దాం. మొదటి ప్రతి ఇలా మొదలైంది: ‘చిన్నప్పటి నుంచి గేములంటే నాకు ప్రాణం. పలు భారీ చిత్రాలకు పనిచేశాను. మాయా, పైథాన్, అన్‌రియల్ తెలుసు.’ ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇదే ఉత్తరాన్ని ఎవరి పేరు మీదైనా పంపొచ్చు. పైగా ‘పైథాన్ తెలుసు’ అంటే పాఠాలు చూశారని అర్థమా, టూల్ రాశారని అర్థమా అన్నది చదివేవాళ్లకు తేలదు.

రెండో ప్రతిలో ఆమె సినిమాల జాబితాను రెజ్యూమెకు వదిలేసి, ఒకే ఒక సమస్యను ఎంచుకుంది. అది పాదం జారడం.

పాత్ర నడుస్తుంటే నేలమీద ఆనిన పాదం కదలకూడదు, కదిలితే మంచుగడ్డమీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది. సినిమాలో ఇది పెద్ద చిక్కు కాదు, ఆ షాట్ తెరిచి ఆ పాదాన్ని కట్టేస్తే సరి. గేమ్‌లో నడక ఒక చోటే తిరిగే చిన్న ముక్క. పాత్రను ముందుకు జరిపేది మాత్రం చాలాసార్లు ఇంజిన్. నడకను సెకనుకు 1.5 మీటర్ల వేగానికి తగ్గట్టు చేసి, ఇంజిన్ పాత్రను సెకనుకు 2 మీటర్లు జరిపితే ప్రతి సెకనుకూ అర మీటరు జారుతుంది. నడకను 1.33 రెట్లు వేగంగా ఆడిస్తే లెక్క సరిపోతుంది. కానీ వేగం ఇంకా పెంచుకుంటూ పోతే పాత్ర హడావుడిగా కాళ్లు కొట్టుకుంటున్నట్టుంటుంది. అక్కడికి వేరే నడకో పరుగో కావాలి.

ఆగడం ఇంకా కష్టం. ఆడేవాళ్లు స్టిక్ వదిలేసే క్షణానికి ఎడమ కాలు గాల్లో ఉండొచ్చు, నేలమీదా ఉండొచ్చు. అందుకని ఆగే ముక్కలు రెండు చేసి, అప్పుడు ఏ పాదం ఆని ఉందో చూసి ఇంజిన్ ఒకదాన్ని ఎంచుకునేలా పెడతారు. ఇంజిన్‌కు ఆ సంగతి తెలియాలంటే ప్రతి నడకలో, ప్రతి పరుగులో పాదం ఎప్పుడు ఆనిందో, ఎప్పుడు లేచిందో గుర్తులు పెట్టాలి. పదుల కొద్దీ ముక్కలుంటే చేత్తో పెట్టడం శిక్షే.

ఆమె సొంతంగా చేసుకున్న చిన్న ప్రాజెక్టులో ఈ గుర్తులు పెట్టే టూల్‌ను మాయాలో పైథాన్‌తో రాసింది. పాదం నేలకు దగ్గరగా ఉండి, దాదాపు కదలకుండా ఉంటే ఆనినట్టు లెక్క. ముందుకు సాగుతూ చేసిన నడకల్లో ఇది చక్కగా పనిచేసింది. ఒక చోటే నడిచే ముక్కల్లో మాత్రం ఒక్క గుర్తూ పెట్టలేదు. కారణం కనిపెట్టాక తేలికే: పాత్ర ఉన్నచోటే నడుస్తుంటే, ఆనిన పాదం ట్రెడ్‌మిల్ మీద ఉన్నట్టు స్థిరమైన వేగంతో వెనక్కి పోతుంది. అది నిలిచి ఉండే క్షణమే లేదు. పాత్ర ఏ వేగంతో ముందుకు పోవాల్సి ఉందో ఆ వేగాన్ని పాదం కదలికకు కలిపాక గుర్తులు సరిగ్గా పడ్డాయి. నక్కి నక్కి నడిచే ముక్కల్లో ఇప్పటికీ తప్పుతుంది. మడమ నేలకు ఆనదు కదా. అందుకే టూల్‌లో చేత్తో సరిదిద్దుకునే వీలు ఉంచింది.

ఉత్తరంలో నడిమి పేరా ఇదే, అయిదారు వాక్యాల్లో. ఈ తరహా పేరా సినిమాల జాబితాకన్నా ఎక్కువ పనిచేస్తుందనడానికి కారణం ఉంది. ఇంజిన్‌లో నడకను పెట్టి, స్టిక్ పట్టుకుని, పాదం జారడం చూసినవాళ్లు తప్ప ట్రెడ్‌మిల్ చిక్కు గురించి రాయలేరు. టూల్ ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పడం వల్ల, దాన్ని వాడబోయే యానిమేటర్ల గురించి ఆలోచించే మనిషని తెలుస్తుంది.

తర్వాతి పేరాలో సినిమా అనుభవం వచ్చింది, అదీ ఉద్యోగానికి పనికొచ్చే మేరకే. సినిమా మధ్యలో రిగ్ మారితే అప్పటికే చేసిన యానిమేషన్‌ను కొత్త రిగ్‌కు మార్చే స్క్రిప్టును ఆమె రాసింది, దాన్ని తన బృందమంతా వాడింది. హోదా ‘యానిమేటర్’ అయినా ఇది టెక్నికల్ యానిమేటర్ చేసే పనే. మొదటి ప్రతిలో దీని ఊసే లేదు. తన పేరు తెరమీద పడిన పనినే గొప్పగా అనుకోవడం సినిమా వాళ్లకు అలవాటు.

లోటునూ ఒక వాక్యంలో ఒప్పుకుంది: ‘నేను పనిచేసిన గేమ్ ఏదీ ఇంకా మార్కెట్లోకి రాలేదు. సినిమా రిగ్‌ను గేమ్ రిగ్‌గా కుదించడంలోని పరిమితులను ఈ ప్రాజెక్టులోనే నేర్చుకున్నాను.’ ఆ పరిమితులు చిన్నవి కావు. సినిమాలో ఒక ఫ్రేమును కంప్యూటర్ గంటలకొద్దీ గీసినా ఇబ్బంది లేదు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు, అందులోనే బొమ్మ, శబ్దం, శత్రువుల తెలివి, యానిమేషన్ అన్నీ సర్దుకోవాలి. అందుకే మొబైల్ గేముల్లో చర్మం మీది ఒక్కో బిందువును సాధారణంగా నాలుగు ఎముకలకు మించి లాగనివ్వరు. సినిమా రిగ్‌లో అలాంటి గీత లేకపోవడంతో, దాన్ని అలాగే తెచ్చి పెడితే భుజాల దగ్గరా మోకాళ్ల దగ్గరా చర్మం ముడతలు పడి దొరికిపోతుంది.

వీడియో లింకు విషయంలో ఒక జాగ్రత్త. విడుదల కాని సినిమా షాట్‌ను షోరీల్‌లో పెడితే పాత యజమానితో చేసుకున్న గోప్యత ఒప్పందం దెబ్బతింటుంది, చూసే స్టూడియోకూ అనుమానం వస్తుంది: రేపు మా గేమ్‌నూ ఇలాగే బయటపెడతారేమో? విడుదలైన షాట్లలో కూడా ఏది తను చేసిందో, ఏది బృందం చేసిందో రాయాలి. ఆమె సినిమా షాట్లను చివరికి నెట్టి, ముందు ఒకటిన్నర నిమిషం ఇంజిన్‌లో రికార్డు చేసిన ఆటను పెట్టింది. పక్కనే స్టిక్ ఎటు కదులుతోందో కనిపిస్తుంది. ఎడమ కాలు గాల్లో ఉండగా స్టిక్ వదిలేసే చోటు ఏ సెకనులో వస్తుందో ఉత్తరంలోనే ఇచ్చింది.

మొత్తం ఒక పేజీ దాటలేదు. ఇంటర్వ్యూకు పిలుపొస్తే లీడ్ ఎక్కడ పట్టుకుంటారో ఊహించడం కష్టం కాదు: చదునైన నేలమీద గుర్తులు సరే, మెట్లెక్కేటప్పుడు ‘నేలకు దగ్గర’ అంటే ఏ నేలకు? ఆమె టూల్ ఎత్తును ఒకే తలం నుంచి కొలుస్తుంది కాబట్టి మెట్ల ముక్కల్లో తప్పక తప్పుతుంది. సరిచేయాలంటే ప్రతి అడుగులో పాదం చేరిన అట్టడుగు ఎత్తునే ఆ అడుగుకు నేలగా తీసుకోవాలి.