సున్నా అనుకున్న చోట 7 మిల్లీవోల్ట్‌లు

ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో 741 అనే ఐసీని చూడనివారు తక్కువ. ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లగర్ రూపకల్పన చేసిన ఈ ఆప్-యాంప్ 1968లో మార్కెట్లోకి వచ్చింది. దీనికి రెండు ఇన్‌పుట్‌లు, ఒక ఔట్‌పుట్. ప్లస్ గుర్తున్నది నాన్-ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, మైనస్ గుర్తున్నది ఇన్వర్టింగ్ ఇన్‌పుట్. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాను సుమారు 2 లక్షల రెట్లు పెంచి బయటపెట్టడమే దీని పని. ఈ 2 లక్షలనే ఓపెన్ లూప్ గెయిన్ అంటారు.

వినడానికి గొప్పగా ఉన్నా, ఉన్నదున్నట్టు వాడితే ఈ గెయిన్ ఎందుకూ పనికిరాదు. ఇన్‌పుట్‌ల మధ్య 1 మిల్లీవోల్ట్ తేడా ఇస్తే బయట 200 వోల్ట్‌లు రావాలి. చిప్‌కి ఇచ్చే సప్లై ప్లస్, మైనస్ 15 వోల్ట్‌లే. అందుకే ఔట్‌పుట్ ఏదో ఒక కొసకి, 13, 14 వోల్ట్‌ల దగ్గరకి పోయి అతుక్కుపోతుంది. పైగా ఆ 2 లక్షలు కూడా నికరం కాదు. ఒక చిప్‌లో అంత ఉంటే మరో చిప్‌లో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. వేడెక్కితే మళ్లీ మారుతుంది.

దీనికి మందు 741 పుట్టక ముందే దొరికింది. 1927 ఆగస్టు 2న బెల్ ల్యాబ్స్ ఇంజినీర్ హెరాల్డ్ బ్లాక్ ఫెర్రీలో ఆఫీసుకి వెళ్తూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే ఆ ఆలోచనను గీసుకున్నాడు. ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌లోంచి తీసివేస్తే గెయిన్ బాగా తగ్గుతుంది, కానీ మిగిలింది స్థిరంగా ఉంటుంది. ఇదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్.

741తో దాన్ని చేసి చూద్దాం. ప్లస్ ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కి కలిపి, సిగ్నల్‌ను 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా మైనస్ ఇన్‌పుట్‌కి ఇవ్వాలి. ఔట్‌పుట్ నుంచి అదే మైనస్ ఇన్‌పుట్‌కి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. ఇది ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్. లెక్కకు పుస్తకాలు రెండు సూత్రాలు ఇస్తాయి. ఇన్‌పుట్ కాళ్లలోకి కరెంట్ పోదన్నది మొదటిది. ఫీడ్‌బ్యాక్ సరిగా ఉన్నంతసేపూ రెండు ఇన్‌పుట్‌ల వోల్టేజీ సమానమన్నది రెండోది.

సిగ్నల్ 10 మిల్లీవోల్ట్‌లు అనుకుందాం. ప్లస్ కాలు గ్రౌండ్ మీద ఉంది కాబట్టి మైనస్ కాలు కూడా సున్నా దగ్గరే ఉండాలి. అంటే 1 కిలో ఓమ్‌లో 10 మైక్రోయాంపియర్ల కరెంట్ పారుతుంది. చిప్‌లోకి పోవడానికి దారి లేదు గనుక అదంతా 100 కిలో ఓమ్‌ల గుండా వెళ్లాల్సిందే. అక్కడ 1 వోల్ట్ పడిపోతుంది. కాబట్టి ఔట్‌పుట్ మైనస్ 1 వోల్ట్, గెయిన్ మైనస్ 100. మన పాత ఏతాం ఇలాగే ఉంటుంది: ఆనిక కదలదు, పొట్టి కొస కొంచెం దిగితే పొడుగు కొస అంతకు ఎన్నో రెట్లు లేస్తుంది.

అవే రెసిస్టర్లను కదపకుండా, 1 కిలో ఓమ్ కొసను గ్రౌండ్‌కి కలిపి సిగ్నల్‌ను ప్లస్ కాలికి ఇస్తే నాన్-ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్ అవుతుంది. ఇప్పుడు మైనస్ కాలు కూడా 10 మిల్లీవోల్ట్‌లకి ఎక్కాలి. కింది రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్ట్‌లు, పై రెసిస్టర్ మీద 1 వోల్ట్, మొత్తం 1.01 వోల్ట్. గుర్తు మారదు, గెయిన్ 101.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. రెండు ఇన్‌పుట్‌లు నిజంగా సమానమైతే తేడా సున్నా. సున్నాను 2 లక్షలతో గుణించినా సున్నాయే. మరి ఆ 1 వోల్ట్ ఎక్కడి నుంచి వచ్చింది? తేడా సున్నా కాదు, అదీ సంగతి. బయట 1 వోల్ట్ నిలవాలంటే లోపల 5 మైక్రోవోల్ట్‌ల తేడా ఉండి తీరాలి. ఆ మేరకు మైనస్ కాలు సున్నా నుంచి జరుగుతుంది, 1 కిలో ఓమ్‌లో కరెంట్ 9.995 మైక్రోయాంపియర్లకి తగ్గుతుంది. గెయిన్ 100కి బదులు 99.95 వస్తుంది. ఓపెన్ లూప్ గెయిన్‌ను A అంటే లెక్క ఇది:

```
ఇన్వర్టింగ్     : G = -100 / (1 + 101/A)
నాన్-ఇన్వర్టింగ్ : G =  101 / (1 + 101/A)
```

రెండింటిలోనూ కింద ఉన్నది 101 అన్నది గమనించాల్సిన విషయం. సిగ్నల్‌ను ఏ కాలికి ఇచ్చినా వెనక్కి వచ్చే భాగం ఔట్‌పుట్‌లో 101వ వంతే, కాబట్టి లోటు కూడా ఒకటే. A ఏకంగా పదో వంతుకి, అంటే 20,000కి పడిపోయినా గెయిన్ 99.5 దగ్గరే ఉంటుంది. బ్లాక్ కోరుకున్నది ఈ స్థిరత్వాన్నే.

ల్యాబులో ఆ 5 మైక్రోవోల్ట్‌లను మీటర్‌తో పట్టుకోవాలనుకోవడం దండగ. 741కి సొంతంగానే 1 మిల్లీవోల్ట్ మేర ఆఫ్‌సెట్ ఉంటుంది, అసలు సంగతి దాని కింద కనబడకుండా పోతుంది. రెసిస్టర్ల విలువల్లో ఉండే 1 శాతం తేడా కూడా ఈ లోటుకంటే చాలా పెద్దది. లోటును చూడాలంటే ఫ్రీక్వెన్సీ పెంచాలి.

ఎందుకంటే 2 లక్షల గెయిన్ 741కి ఉండేది సుమారు 5 హెర్ట్జ్ వరకే. ఫీడ్‌బ్యాక్ పెట్టినప్పుడు దానంతటదే ఊగిసలాడకుండా లోపల 30 పికోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటుంది. అక్కడి నుంచి ఫ్రీక్వెన్సీ పది రెట్లయితే గెయిన్ పదో వంతవుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మిగిలేది ఇంచుమించు 1,000, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 100.

పై సూత్రంలో A బదులు 100 పెడితే గెయిన్ 50కి పడిపోవాలి. కానీ ఆసిలోస్కోప్ 70 చూపిస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే. ఆ కెపాసిటర్ వల్ల A విలువ తగ్గడమే కాదు, ఔట్‌పుట్ పావు చక్రం వెనకబడుతుంది కూడా. అందువల్ల 1, 101/A నేరుగా కూడవు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల్లా కూడతాయి. 1.42తో భాగిస్తే 100 కాస్తా 70 అవుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇదే లెక్క వేస్తే 99.5 వస్తుంది, నష్టం అంతగా తెలియదు.

ఇప్పుడు ప్రోబ్‌ను ఔట్‌పుట్ నుంచి తీసి మైనస్ కాలి మీద పెట్టాలి. ఆఫ్‌సెట్ అడ్డురాకుండా స్కోప్‌ను ఏసీ కప్లింగ్‌లో ఉంచాలి. బయట 0.7 వోల్ట్, A విలువ 100, కాబట్టి సున్నా ఉండాల్సిన ఆ కాలి మీద 7 మిల్లీవోల్ట్‌ల తరంగం కనబడుతుంది. ఇచ్చిన సిగ్నలే 10 మిల్లీవోల్ట్‌లు! అయితే సిగ్నల్‌ను జనరేటర్ డయల్ మీద కాకుండా రెసిస్టర్ మొదట్లోనే కొలవాలి. జనరేటర్‌లో ఉండే 50 ఓమ్‌లు ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్ 1 కిలో ఓమ్‌తో కలిసి గెయిన్‌ను 5 శాతం దాకా తినేస్తాయి, నింద చిప్ మీద పడుతుంది. నాన్-ఇన్వర్టింగ్‌లో సిగ్నల్ నేరుగా ప్లస్ కాలికే వెళ్తుంది గనుక ఈ బెడద దాదాపు లేదు.

10 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా 100 రెట్లు కావాలంటే మెరుగైన చిప్ కొనక్కర్లేదు. రెండు 741లను వరసగా పెట్టి ఒక్కోదాన్ని పది రెట్లకే వాడితే చాలు. అప్పుడు సూత్రంలో కింద 101 బదులు 11 వస్తుంది. ఒక్కో మెట్టు 9.94 ఇస్తుంది, రెండూ కలిస్తే 98.8. రెండుసార్లు తలకిందులవడం వల్ల మైనస్ గుర్తు కూడా పోతుంది.