మీ హాల్లో ఎంతమంది పడతారండీ?

"వంద మంది హాయిగా పడతారు సార్. మీరు ముప్పై రెండు మందే అంటున్నారుగా, ఇంకా బోలెడు చోటు మిగులుతుంది."

ఆఫీసు మీటింగు కోసం హోటల్ బాంక్వెట్ విభాగానికి ఫోన్ చేస్తే తరచూ వినిపించే జవాబు ఇది. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ వంద మంది సభకు వచ్చినట్టు వరసలుగా వేసిన కుర్చీల్లో కూర్చునే వంద మంది. వాళ్ల ముందు బల్లలుండవు, ల్యాప్‌టాప్‌లుండవు, వెనకాల టీ కౌంటరూ ఉండదు. హోటల్ వాళ్లు దాన్ని థియేటర్ స్టైల్ అంటారు. బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఎక్కువగా ఆ లెక్కే. పూట మీటింగుకు వచ్చే బృందానికి దాంతో పెద్దగా పని లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఆఫీసున్న ఒక మందుల పంపిణీ కంపెనీ. జిల్లాల్లో తిరిగే సేల్స్ సిబ్బందితో కలిపి 32 మంది. శుక్రవారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మీటింగు, ఆ తర్వాత భోజనం. హాలు కుదిర్చే పని అడ్మిన్ విభాగంలోని ఒక ఉద్యోగి మీద పడింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా యు ఆకారంలో బల్లలు వేయించమని మేనేజరుగారి ఆదేశం. ఫోన్‌లో చెప్పిన హాలు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. వంద మంది పట్టే హాల్లో ముప్పై రెండు మంది పట్టరా అనిపిస్తుంది. టేపు పట్టుకుంటే కథ మారుతుంది.

నోట్‌బుక్కు, ల్యాప్‌టాప్, మంచినీళ్ల సీసా పెట్టుకుని మోచేతులు తగలకుండా కూర్చోవాలంటే మనిషికి బల్ల అంచు రెండున్నర అడుగులు కావాలి. యు అడుగుభాగంలో ఎనిమిది మందిని కూర్చోబెడితే 20 అడుగులు. మిగిలిన 24 మందిలో పక్కకు పన్నెండు మంది, అంటే ఒక్కో చేయి 30 అడుగులు. దానికి అడుగు బల్ల వెడల్పు రెండడుగులు, దాని వెనక కుర్చీలకూ నడకకూ ఐదడుగులు కలపాలి. ముందువైపు తెర, మాట్లాడే మనిషి నిలబడే చోటు కనీసం ఎనిమిది అడుగులు. మొత్తం 45 అడుగులు. హాలు పొడవు 40 మాత్రమే. మనిషికి రెండేసి అడుగులకు కుదిస్తే 39 అడుగుల్లో ఎలాగోలా ఇరుకుతుంది కానీ, మధ్యలో ఒకరు లేవాలంటే పక్క ఇద్దరూ లేవాల్సిందే. టీ కౌంటరు వరండాలోకి పోతుంది.

అదే హాల్లో ఐదడుగుల గుండ్రని బల్లలు ఆరు వేసి చూడండి. కుర్చీలూ నడిచే దారీ కలిపి ఒక్కో బల్లకు దాదాపు పదడుగుల చదరం కావాలి. వరసకు మూడు చొప్పున రెండు వరసలంటే 30 అడుగుల వెడల్పులో, 20 అడుగుల పొడవులో సరిపోతాయి. తెరకు ముందు పదడుగులు, టీకి వెనక పదడుగులు మిగులుతాయి. బల్లకు ఐదారుగురిని అర్ధచంద్రాకారంలో కూర్చోబెడితే ఎవరి వీపూ తెరవైపు ఉండదు. దీన్ని క్లస్టర్ అంటారు. మేనేజరుగారు కోరిన యు ఆకారం రాకపోయినా జట్లుగా కూర్చుని చర్చించుకోవడానికి ఇదే మెరుగు. కాబట్టి ఎంతమంది పడతారని అడిగి ఊరుకోకూడదు. "ముప్పై రెండు మందికి క్లస్టర్ వేస్తే, ప్రొజెక్టర్ తెర పెట్టాక, టీ లోపలే పెడితే సరిపోతుందా? హాలు పొడవు వెడల్పులెంత? మధ్యలో స్తంభాలేమైనా ఉన్నాయా?" అని అడగాలి. ఈ ఆఖరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. స్తంభం వెనక పడ్డ బల్లవాళ్లకు ఆ పూటంతా స్లైడ్లలో సగమే కనిపిస్తుంది.

ఊళ్లలో తక్కువ అద్దెకు దొరికే ఆడిటోరియాల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. పుస్తకావిష్కరణలకూ సంస్మరణ సభలకూ అవి భేషుగ్గా ఉంటాయి. చాలావాటిలో కుర్చీలు నేలకు బిగించి ఉంటాయి కాబట్టి బల్లల మీటింగుకు మాత్రం పనికిరావు. అలాంటి భవనాల్లోనే మేడ మీద చిన్న సెమినార్ హాలు ఉంటుంది. పేరుపెట్టి దాని గురించి అడిగితేనే చెబుతారు.

సామర్థ్యం తేలాక తేదీ. ఫోన్‌లో అవతలి గొంతు "ఖాళీయే మేడం" అనగానే సగం పని అయిపోయిందనుకోవడం సహజం. మన ఊళ్లలో బాంక్వెట్ హాళ్ల అసలు క్యాలెండర్ పంచాంగమే. ముహూర్తాల రోజుల్లో పెళ్లికీ రిసెప్షన్‌కూ వచ్చే బిల్లు ముందు ముప్పై మంది భోజనాలు ఏ మూలకు? శుక్రవారం ఉదయం హాలు నిజంగానే ఖాళీగా ఉండొచ్చు. సాయంత్రం రిసెప్షన్ ఉంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా డెకరేషన్ వాళ్లు ఇనుప ఫ్రేములతో, నిచ్చెనలతో దిగిపోతారు. మీటింగులో అసలు విషయం చర్చకొచ్చే వేళకు వరండాలో సుత్తి మోత మొదలవుతుంది. పక్క హాలుకూ మన హాలుకూ మధ్య ఉన్నది ఇటుక గోడా, మడత తలుపా అన్నదీ కనుక్కోవాలి. మడత తలుపైతే అవతల సౌండ్ చెక్ చేస్తుంటే ఇవతల మైకు పట్టుకున్నా వినిపించదు. ఆషాఢం, మూఢం వంటి రోజుల్లో ఈ బెడద తగ్గుతుంది. బేరానికీ అదే అదను.

హాఫ్ డే అంటే ఎన్ని గంటలో కూడా ఒక్కోచోట ఒక్కో లెక్క. ఎక్కువ చోట్ల నాలుగు గంటలు, కొన్నిచోట్ల ఐదు. మీటింగు తొమ్మిదికని చెబితే కొన్ని హాళ్లు తాళం తీసేదే తొమ్మిదికి. అప్పటినుంచి బల్లలు సర్ది, ప్రొజెక్టర్ కలిపి, మైకు పనిచేస్తోందో లేదో చూసుకునేసరికి పదవుతుంది. సర్దుకోవడానికి ఎనిమిదికే లోపలికి రానిస్తారా, ఆ గంటకు అద్దె ఉంటుందా అని ముందే తేల్చుకోవాలి. ఒంటిగంటకు మీటింగు అయ్యాక భోజనం అదే హాల్లోనా, వేరే చోటా? అదే హాల్లో అయితే భోజనం వేళ కూడా ఆ నాలుగు గంటల్లోకే వస్తుందా? గంట దాటితే ఎంత వేస్తారు?

తేదీ పట్టి ఉంచడానికి హోల్డ్ అనే పద్ధతి ఉంది. డబ్బు కట్టకుండానే ఫలానా రోజు దాకా మీ పేరు రాసి ఉంచుతారు. ఆలోగా ఇంకెవరైనా అడ్వాన్సుతో వస్తే మీకు ఫోన్ చేసి "కట్టేస్తారా, వదిలేస్తారా" అని అడగడం మర్యాద గల చోట్ల ఆనవాయితీ. "మాకంటే ముందు ఎవరైనా హోల్డ్‌లో ఉన్నారా, మా హోల్డ్ ఎప్పటిదాకా ఉంటుంది?" అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఈ-మెయిల్లోనో వాట్సాప్‌లోనో రాయించుకోవడం మంచిది. ఫోన్‌లో మాట ఇచ్చిన మనిషికి వారాంతపు సెలవు వస్తే ఆ మాట కూడా సెలవు పెట్టేస్తుంది.

ఇక రేటు. హోటల్ వాళ్లు హాలుకు విడిగా అద్దె చెప్పకుండా తలకింత అని ప్యాకేజీ చెబుతారు. అందులో హాలు, రెండుసార్లు టీ, భోజనం, ప్రొజెక్టర్ కలిసి ఉంటాయి. మన ఉదాహరణలో తలకు 900 రూపాయలు, పన్ను అదనం అనుకుందాం. ముప్పై రెండు మందికి 28,800 అని కాగితం మీద వేసుకుంటే తప్పులో కాలేసినట్టే. చివరి లైన్లో "ఎం.జి. 40" అని ఉంటుంది. ఎం.జి. అంటే మినిమం గ్యారంటీ. ఎంతమంది వచ్చినా నలభై మందికి కట్టాల్సిందే. అప్పుడు బిల్లు 36,000. దాని మీద 18 శాతం జీఎస్టీ అయితే మొత్తం 42,480. నిజంగా వచ్చిన మనిషికి పడేది 1,327 రూపాయలు దాటింది.

ఇక్కడ చాలామంది బేరం రేటు మీద ఆడతారు. ఎంతో బతిమాలి తలకు యాభై తగ్గించి 850 చేయించుకున్నా, నలభై మంది లెక్కన బిల్లు 40,120 అవుతుంది. మిగిలింది 2,360. రేటు 900 దగ్గరే వదిలేసి ఎం.జి.ని 32కు తగ్గించమంటే బిల్లు 33,984. మిగిలేది 8,496. ఖాళీగా ఉండబోయే శుక్రవారం పూటకు రేటు తగ్గించడం కంటే ఎం.జి. తగ్గించడమే హోటల్‌కూ సులువు. తగ్గించిన రేటు రేపు ఇంకొకరు చూపించి అడుగుతారు, ఎం.జి. సంగతి ఎవరికీ తెలియదు.

పోల్చడానికి రెండో దారి కూడా చూద్దాం. ఒక సంఘ భవనంలో సెమినార్ హాలు పూటకు 8,000, ప్రొజెక్టర్ 2,500. రెండింటి మీదా 18 శాతం పన్నుతో 12,390. భోజనం, రెండు టీలు బయటి కేటరర్ దగ్గర తలకు 570. ముప్పై రెండు మందికి 18,240, ఐదు శాతం పన్నుతో 19,152. మొత్తం 31,542. ఎం.జి. తగ్గిన హోటల్ బిల్లుకూ దీనికీ తేడా రెండున్నర వేలకు లోపే. అంత తేడాకు కరెంటు పోతే జనరేటర్, ప్లేట్లు తీసే మనుషులు, పాడైన మైకు మార్చే ఎలక్ట్రీషియన్ ఎటు ఉన్నారో చూసుకుంటే సరిపోతుంది. సంఘ భవనంలో బయటి భోజనం తెచ్చుకోనిస్తారా, తెస్తే శుభ్రం చేసినందుకు విడిగా వసూలు చేస్తారా అన్నది మాత్రం అడగకపోతే ఈ లెక్కంతా తారుమారవుతుంది.

పన్ను శాతం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. గది అద్దె రోజుకు 7,500 దాటే పెద్ద హోటళ్లలో హాలు, భోజనం కలిపి ఇస్తే 18 శాతం, మిగతాచోట్ల సాధారణంగా ఐదు. అందుకే "ప్లస్ ట్యాక్స్" అన్నప్పుడు ఎంత శాతమో అంకె చెప్పించుకోవాలి. కంపెనీ అకౌంటెంట్‌కు ఇంకో చిక్కు ఉంది. భోజనాల మీద కట్టిన జీఎస్టీ మామూలుగా తిరిగి లెక్కలోకి రాదు. హాలు అద్దె మీదది వస్తుంది, కానీ హాలు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రంలో కంపెనీకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. విజయవాడలో మాత్రమే రిజిస్టరైన కంపెనీ అందరికీ అందుబాటుగా ఉంటుందని హైదరాబాద్‌లో హాలు తీసుకుంటే, అద్దె మీద కట్టిన ఆ పద్దెనిమిది శాతాన్ని ఖర్చులోనే రాసుకోవాలి.