సీడ్ మారినా నిలిచే బొమ్మ

(డిజైన్ మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

ప్రాంప్ట్‌లో రెండు మాటలు రాసి, నచ్చిన బొమ్మ వచ్చేదాకా బటన్ నొక్కుతూ కూర్చునే అలవాటు మీలో చాలామందికి ఉంది. ఎప్పుడో ఒకసారి మంచిది వస్తుంది కూడా. కానీ అదే బొమ్మను కాస్త పక్కకు తిప్పి ఇమ్మని ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోతారు. అందులో మీరు కోరింది ఏది, దానంతట అది వచ్చింది ఏది అన్నది మీకే తెలియదు గనుక.

లోపల జరిగేది చూద్దాం. 2022లో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ నమూనా అందరికీ తెరిచి ఉంది కాబట్టి దాన్నే తీసుకుంటాను. మొదట దాని దగ్గర బొమ్మంటూ ఏమీ ఉండదు. సిగ్నల్ లేని పాత టీవీ తెర మీది చుక్కల్లాంటి నాయిస్ మాత్రం ఉంటుంది. ఆ నాయిస్ ఎలా పరుచుకోవాలో సీడ్ అనే ఒక సంఖ్య నిర్ణయిస్తుంది. సంఖ్య మీరు ఇవ్వకపోతే ప్రతిసారీ కొత్తది ఎంపికవుతుంది. మీరు అదృష్టం అంటున్నది దీన్నే.

ఆ తర్వాత మామూలుగా 20 నుంచి 50 అంచెల్లో నాయిస్‌ను కొంచెం కొంచెంగా తీసేస్తుంది. ప్రతి అంచెలో రెండు అంచనాలు వేస్తుంది. ఒకటి మీ మాటలను లెక్కలోకి తీసుకుని, రెండోది మాటలు లేకుండా. ఈ రెంటి మధ్య తేడాను చాలాచోట్ల 7.5 రెట్లు పెంచి, అటువైపు జరుగుతుంది. అంటే మీరు చెప్పిన విషయంలో ప్రతి అంచెలోనూ మీ మాట బొమ్మను లాగుతూనే ఉంటుంది. చెప్పని విషయంలో ఆ లాగుడు ఉండదు. అక్కడ సీడ్, శిక్షణలో చూసిన ఫొటోల వాడుక కలిసి నిర్ణయిస్తాయి. వస్తువు ఎక్కడ ఉండాలి, ఎంత పెద్దగా ఉండాలి అన్నవి తొలి అంచెల్లోనే దాదాపు స్థిరపడిపోతాయి. అందుకే కోణం, దూరం, వెలుగు వచ్చే దిక్కు ముందే చెప్పాలని పట్టుబడతాను.

ఏటికొప్పాక లక్కబొమ్మనే ఉదాహరణగా తీసుకోండి. ఇలా అడిగారనుకుందాం:

```
Etikoppaka toy
```

ఆ పేరుతో శీర్షిక పెట్టిన ఫొటోలు ఇంటర్నెట్‌లో ఎన్ని ఉంటాయి? చాలా కొద్ది. నమూనాకు ఆ పేరు ఏ రూపాన్నీ గట్టిగా గుర్తుచేయదు. ఒకసారి ప్లాస్టిక్ ఆటవస్తువు, ఇంకోసారి చెక్కిన ఏనుగు రావచ్చు. అందుకని బొమ్మను ముందు పెట్టుకుని కంటికి కనిపించేదే రాయండి. చేసేవారు కర్రను తరిణి మీద తిప్పి మలుస్తారు, తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తిపెడితే అది రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. అందుకే దాని ఆకారాలు గుండ్రంగా, రంగులు పట్టీలుగా, మెరుస్తూ ఉంటాయి. ఆ జ్ఞానమే మాటలవుతుంది:

```
a small lathe-turned wooden doll, round head, bell-shaped body,
glossy red and yellow lacquer bands, plain grey table,
soft window light from the left, seen at eye level
```

అందమైన, అద్భుతమైన వంటి మాటలు ఇందులో లేవు. అవి ఏ గీతనూ, ఏ నీడనూ నిర్ణయించవు.

ఇప్పుడు అసలు పరీక్ష. ప్రాంప్ట్ మార్చకుండా నాలుగైదు సీడ్‌లతో బొమ్మలు తీసి పక్కపక్కన పెట్టండి. అన్నిటిలో ఒకేలా ఉన్నవి చాలావరకు మీ మాటలు పట్టి నిలిపినవి. ఒక్కోదానిలో ఒక్కోలా ఉన్నవి మీరు చెప్పనివి. కళ్ళు మారుతున్నాయా? కళ్ళ గురించి రాయండి. ఆ తర్వాత సీడ్‌ను ఒకే సంఖ్య దగ్గర నిలిపి, ఒక్క మాట మార్చి చూడండి. ఆ మాట ఏం చేస్తోందో అప్పుడు తేటగా తెలుస్తుంది. రెండూ ఒకేసారి మారిస్తే ఏమీ తెలియదు.

ఎంత పొడుగు రాస్తే అంత మంచిదనుకోకండి. ఈ నమూనా మాటలను టోకెన్లుగా ముక్కలు చేసి, ఆది, అంత్య గుర్తులతో కలిపి 77 మాత్రమే చదువుతుంది. మిగిలింది కత్తిరించేస్తుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం విడతలుగా చదివిస్తాయి. అందుకే ముఖ్యమైనది ముందు రాయాలి. పట్టీలు ఎరుపు, తల పసుపు అంటే రంగులు తారుమారు కావడం మామూలే. పువ్వులు వద్దని ప్రాంప్ట్‌లో రాస్తే పువ్వులే రావచ్చు, ఎందుకంటే వద్దు కన్నా పువ్వు అనే మాటే బలంగా పనిచేస్తుంది. వద్దనుకున్నవి నెగెటివ్ ప్రాంప్ట్ గడిలో రాయాలి. ఏడు బొమ్మలు అడిగితే ఆరో ఎనిమిదో రావచ్చు. రంగుల తారుమారుకు, లెక్క తప్పడానికి వివరం ఎంత పెంచినా లాభం లేదు, బొమ్మలను విడివిడిగా తీసి కూర్చుకోవాలి.

తెలుగు అక్షరాలనూ అడగవద్దు. ఈ నమూనా గుణింతాలు, ఒత్తులు రాయలేదు, అక్షరాల్లా కనిపించే గీతలు మాత్రమే గీస్తుంది. పోస్టర్‌పై పేరును లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో అసలైన తెలుగు ఫాంట్‌తో మీరే పెట్టండి. ఇలా వచ్చిన బొమ్మ కింద ఏటికొప్పాక అని మాత్రం అచ్చు వేయకండి. ఆ పేరు వేయాల్సిన కేటలాగ్‌కు ఊరు వెళ్ళి, చేసినవాళ్ళ అనుమతితో తీసిన ఫొటో కావాలి.