సగం ఇంజన్‌తో సాఫీగా

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతున్న ఓ మధ్యతరహా ఎస్‌యూవీని తీసుకుందాం. ఇంజన్ 150 హార్స్‌పవర్‌ది. గాలిని తోసుకుంటూ, టైర్ల రాపిడిని తట్టుకుంటూ చదును రోడ్డు మీద ఆ వేగాన్ని నిలబెట్టుకోవడానికి నిజంగా కావలసింది మాత్రం ఉజ్జాయింపుగా 12, 13 హార్స్‌పవరే. మిగతా బలమంతా లారీని దాటేటప్పుడో, ఎత్తు ఎక్కేటప్పుడో అక్కరకొస్తుంది. అంతవరకూ ఊరికే ఉంటుంది.

ఊరికే ఉన్న బలానికి పెట్రోలు ఖర్చు కాదు కదా అనిపిస్తుంది. కానీ అవుతుంది.

పెట్రోలు ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో థ్రాటిల్ అనే రేకు ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించినప్పుడు ఆ రేకు చాలావరకు మూసుకునే ఉంటుంది. కిందికి దిగే పిస్టన్ ఆ సన్నని సందులోంచే గాలిని లాగాలి. ముక్కు సగం మూసుకుని పరుగెత్తడం లాంటిదన్నమాట. ఇలా గాలి లాగడానికే పోయే శక్తిని ఇంజనీర్లు పంపింగ్ నష్టం అంటారు. డ్రైవరు ఎంత నెమ్మదిగా నడిపితే రేకు అంతగా మూసుకుంటుంది, చేసిన పనిలో ఈ నష్టం వాటా అంతగా పెరుగుతుంది. మామూలు డీజిల్ ఇంజన్ తన బలాన్ని ఇలా గాలి బిగించి అదుపు చేయదు, ఇంధనం తగ్గించి అదుపు చేస్తుంది. అది తక్కువ తాగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

నాలుగు సిలిండర్లలో రెండింటిని పక్కన పెడితే? పని తగ్గదు కాబట్టి మిగిలిన రెండూ రెట్టింపు కష్టపడాలి. అందుకు వాటికి ఎక్కువ గాలి కావాలి, అంటే థ్రాటిల్ మరింత తెరుచుకోవాలి. లాభం అక్కడే పుడుతుంది. ఆగిన సిలిండర్ల పెట్రోలు మిగలడం వల్ల కాదు, నడిచే సిలిండర్లు హాయిగా ఊపిరి తీసుకోవడం వల్ల.

అయితే పెట్రోలు ఒక్కటి ఆపితే చాలదు. వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే ఆగిన సిలిండరు కూడా గాలిని లాగి వదులుతూనే ఉంటుంది. నష్టం అలాగే ఉంటుంది. పైగా కాలని గాలి సైలెన్సర్ దారిలోకి పోయి, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను చల్లబరుస్తుంది. అందుకే వాల్వులు పూర్తిగా మూసేయాలి. లోపల చిక్కుకున్న గాలి పిస్టన్ పైకి వచ్చినప్పుడు నలిగి, కిందికి దిగేటప్పుడు దాన్ని తిరిగి నెడుతుంది. పెట్టిన శక్తిలో చాలా భాగం వెనక్కి వచ్చేస్తుంది.

ఈ లెక్క పాతదే. 1981లో అమెరికాలో క్యాడిలాక్ కంపెనీ ఆరు లీటర్ల ఇంజన్‌ను ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో అవసరాన్ని బట్టి నడిచేలా తయారు చేసి ‘వీ8-6-4’ అని పేరు పెట్టింది. ఈటన్ కంపెనీ రూపొందించిన సోలనాయిడ్‌లు వాల్వులను కదలకుండా చేసేవి. ఎన్ని సిలిండర్లు నడుస్తున్నాయో డాష్‌బోర్డులో అంకె కనబడేది. లోపం ఆలోచనలో లేదు, దాన్ని నడిపించే కంప్యూటర్‌లో ఉంది. అప్పటి చిప్‌లకు ఇంత త్వరగా నిర్ణయం తీసుకుని, అంత మృదువుగా మార్చే చురుకు లేదు. మారినప్పుడల్లా కారు జర్కు ఇచ్చేది. విసిగిపోయిన యజమానులు మెకానిక్ దగ్గరికి వెళ్లి ఒక వైరు తీయించేసేవారు. ఆ తర్వాత అది ఎప్పటికీ ఎనిమిది సిలిండర్ల బండే. మామూలు కార్లలో ఆ ఇంజన్ ఒక్క ఏడాదితోనే దాదాపు కనుమరుగైంది.

మరి ఇప్పుడు డ్రైవరుకు తెలియకుండా ఎలా మారుతోంది? 2012లో ఫోక్స్‌వాగన్ 1.4 లీటర్ల టీఎస్‌ఐ ఇంజన్‌లో పెట్టిన ఏర్పాటు చూస్తే తెలుస్తుంది. వాల్వులను నొక్కే క్యామ్‌లు షాఫ్టు మీద పక్కకు జరగగల తొడుగుల మీద ఉంటాయి. ఆపాల్సిన సిలిండర్లలో ప్రతి వాల్వుకూ పక్కపక్కనే రెండు ఆకారాలు: ఒకటి మామూలు ఉబ్బెత్తు క్యామ్, రెండోది గుండ్రటిది. గుండ్రటిది తిరుగుతుందే కానీ వాల్వును నొక్కదు. తొడుగు మీద మెలి తిరిగిన గాడి ఉంటుంది. కంప్యూటర్ ఆజ్ఞ ఇవ్వగానే విద్యుదయస్కాంతం చిన్న పిన్నును ఆ గాడిలోకి దించుతుంది. షాఫ్టు తిరుగుతున్నకొద్దీ గాడి పిన్నుకు ఒరుసుకుని తొడుగు పక్కకు జరుగుతుంది. షాఫ్టు అరచుట్టు తిరిగేలోగా పని అయిపోతుంది. ఇంజన్ వేగాన్ని బట్టి 13 నుంచి 36 మిల్లీసెకన్లు, అంతే.

జర్కు రాకుండా చేసే అసలు నేర్పు దానికి ముందు జరిగేది. రెండు సిలిండర్లకు కావలసినంత గాలి వచ్చేలా థ్రాటిల్‌ను కంప్యూటర్ ముందే తెరుస్తుంది. అప్పటికింకా నాలుగూ నడుస్తున్నాయి కనుక బలం ఎక్కువైపోవాలి. అది పైకి తెలియకుండా స్పార్కును కాస్త ఆలస్యం చేసి ఆ అదనపు బలాన్ని మింగేస్తుంది. అప్పుడు రెండింటిని ఆపుతుంది. క్యాడిలాక్‌లో కొరవడింది సరిగ్గా ఈ తరహా చాకచక్యం.

ఏ రెండు ఆపాలన్నదీ యాదృచ్ఛికం కాదు. ఈ ఇంజన్ సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి. రెండు, మూడు ఆపితే మిగిలిన ఒకటి, నాలుగు సరిగ్గా చుట్టుకొకటి చొప్పున సమ దూరంలో మండుతాయి. అయినా సెకనుకు పడే దెబ్బలు సగానికి తగ్గడంతో ప్రకంపన ముదురుగా మారుతుంది. దాన్ని అణచడానికి ఫ్లైవీలు, ఇంజన్ మౌంట్లు, సైలెన్సర్ అన్నీ మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

ఆ 1.4 లీటర్ల ఇంజన్‌లో నిమిషానికి సుమారు 1,400 నుంచి 4,000 చుట్ల మధ్య, టార్క్ అవసరం 25 నుంచి 100 న్యూటన్ మీటర్ల లోపు ఉంటేనే సగం ఇంజన్ పనిచేస్తుంది. మన హైవే ఎస్‌యూవీ టాప్ గేరులో 1,700 చుట్ల దగ్గర ఉందనుకుంటే దానికి కావలసింది 50 న్యూటన్ మీటర్ల చిల్లర. సరిగ్గా ఆ గీతల మధ్యలో పడుతుంది. ఎంత మిగులుతుంది? నిలకడగా 50 కిలోమీటర్ల వేగంలో వంద కిలోమీటర్లకు దాదాపు లీటరు, 70లో 0.7 లీటరు అని కంపెనీ లెక్క. నాటి యూరప్ పరీక్ష చక్రం మొత్తం మీద 0.4 లీటరే. వేగం పెరిగేకొద్దీ ఇంజన్‌కు ఎటూ పని పెరుగుతుంది, థ్రాటిల్ తెరుచుకునే ఉంటుంది, మిగిల్చేది తగ్గుతుంది. ప్రకటనల్లోని మైలేజీ ఆశలను ఈ వరస మీద తూచుకోవడం మంచిది.

ఇక చెడేది ఎక్కడ? జనరల్ మోటార్స్ 2005 ప్రాంతం నుంచి పెద్ద వీ8లలో వాడిన పద్ధతి వేరు. అక్కడ క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే లిఫ్టర్‌లోనే చిన్న లాక్ పిన్నులు ఉంటాయి. ఆయిల్ ప్రెషర్ వాటిని విడిపించగానే లిఫ్టర్ తనలో తానే కుంగి వాల్వును కదల్చదు. పిన్ను ఇరుక్కుపోతే ఇంజన్ పైభాగంలో టిక్‌టిక్‌మనే చప్పుడు మొదలవుతుంది. ఒక సిలిండరు మండడం మానేసి హెచ్చరిక దీపం వెలుగుతుంది. పట్టించుకోకపోతే క్యామ్‌షాఫ్టే అరిగిపోతుంది. అమెరికాలో ఈ సదుపాయాన్ని అణచిపెట్టే చిన్న ప్లగ్‌లు అమ్ముడుపోతుంటాయి. క్యాడిలాక్ వైరుకు అవి మనవరాళ్లనుకోవచ్చు. జరిగే తొడుగుల పద్ధతిలో అలా కుంగే లిఫ్టర్ ఉండదు.

మన రోడ్ల మీద ఈ పరిజ్ఞానం ఎక్కువగా కనబడేది 2021లో వచ్చిన స్కోడా కుషాక్, ఫోక్స్‌వాగన్ టైగున్, మరుసటి ఏడాది వచ్చిన స్లావియా, వర్టుస్ కార్లలో, అదీ 1.5 లీటర్ల ఇంజన్ ఉన్నవాటిలోనే. ఒక లీటరు, మూడు సిలిండర్ల రకంలో లేదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోయేవారికి ఒరిగేది తక్కువ, ఎందుకంటే బండి కదిలిన ప్రతిసారీ నాలుగూ కావాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీద పాదం కదపకుండా నడిపితే రెండు సిలిండర్ల మోడ్ సూచన తరచూ వెలుగుతుంది. కొంచెం ఎత్తు రాగానే ఆరిపోతుంది, దిగాక మళ్లీ వస్తుంది. అసలు యాక్సిలరేటర్ నుంచి కాలు తీసేసిన చోట మాత్రం ఏ కారైనా నాలుగింటికీ పెట్రోలు ఆపేస్తుంది. ఆ ఆదాకు ఈ క్యామ్‌లతో పనే లేదు.